గంటన్నర కూడిక

కోరుట్లలో లక్ష్మీరాజం గారి ఇంట కాలానికి ఇద్దరు అధిపతులు. ఒకరు సూర్యభగవానుడు; మరొకరు మస్కట్‌లో ఉన్న కొడుకు ప్రభాకర్. వారిద్దరికీ మధ్య గంటన్నర ఎడం. కొడుకు "ఏడింటికి ఫోన్ జేస్త" అంటే ఇంటిల్లిపాదీ ఎనిమిదిన్నరకు ఫోను చుట్టూ చేరేవారు. తాను వెలగబెట్టేది మస్కట్ గంటలైనప్పుడు మస్కట్ గంటల్లోనే మాట్లాడడం ప్రభాకర్ అలవాటు. వాటికి గంటన్నర కలుపుకొని బ్రతకడం ఇంటివారి ధర్మం. ఈ కూడికకు మూలపురుషుడు లక్ష్మీరాజమే. ఆయన స్వయంగా ఆ ఎడారిలో పద్దెనిమిదేళ్ళు ఇనుప కడ్డీలు వంచి, తిరిగి వచ్చేటప్పుడు మూడు సంపాదనలు వెంట తెచ్చుకున్నాడు: పులి బొమ్మ ఉన్న ఒక బరువైన దుప్పటి, చక్కెర వ్యాధి, ఈ కూడిక.

నాలుగవ సంపాదన ఇంటికి వచ్చాక కలిగింది. అది శాస్త్రజ్ఞానం. పసుపు చేనుకు నీరు పారించి వచ్చి అరుగు మీద కూర్చున్న మనిషికి పంచాంగమొకటి చేతికి చిక్కితే ఎంతటి విద్వాంసుడు కాగలడో చూడదలచినవారు ఆ వీధికి వస్తే చాలు. తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము అనే అయిదు అంగాలలో ఆయనకు వర్జ్యమూ రాహుకాలమూ అనే ఆరవదీ ఏడవదీ మాత్రమే బాగా వచ్చు. ఏ పని ఎప్పుడు చేయరాదో తెలిసినవానికి ఏ పనీ చేయవలసిన అవసరం ఉండదు కనుక, ఆ విద్య ఆయనకు బాగా అబ్బింది.

కోడలు సుస్మితకు పెండ్లయి ఎనిమిదేళ్ళు. వేములవాడ రాజన్న గుడిలో కోడెను కట్టి మొక్కుకున్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు. రాజన్న విసుగు చెందని దేవుడు కనుక ఏమీ అనలేదు. చివరకు జగిత్యాలలోని సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్ళారు. మొదటి ప్రయత్నం ఫలించలేదు. అండాల నిల్వ తగ్గిపోతున్నది, ఆలస్యం చేయవద్దు, ఈసారి వచ్చినన్ని అండాలను దక్కించుకోవాలి అని డాక్టరమ్మ చెప్పింది. ప్రభాకర్ సెలవు మీద వచ్చినప్పుడు తన వంతు ఇచ్చి, దానిని గడ్డకట్టించి భద్రపరచే ఏర్పాటు చేసి, కాగితాల మీద సంతకాలు పెట్టి, తన ఫోను నంబరే రాయించి మస్కట్ వెళ్ళిపోయాడు. అది విన్న తల్లి రాధ, "ఎండకాలం కరెంటు పోతే ఎట్ల మరి?" అని అడిగింది. ఆమె అడిగే ప్రశ్నలలో అర్థం లేనిది ఒకటీ ఉండదు.

సుస్మితకు రోజూ సాయంత్రం ఏడు గంటలకు పొట్ట మీద చర్మం కిందికి సూది మందు వేయాలి. రక్తంలో మందు మోతాదు రోజంతా ఒక్క తీరున నిలవాలి గనుక గంట మారరాదు. ఎక్కించే పని రాధకు అప్పగించబడింది. ఆమెది పదేళ్ళుగా మొగుడికి ఇన్సులిన్ పొడుస్తున్న చేయి. కాని ఇన్సులిన్ తయారై వచ్చే నీరు, ఇది పొడి. అందుకని కేంద్రంలో లీల అనే నర్సు ఆమెను కూర్చోబెట్టుకొని నేర్పింది.

"అమ్మా, చేతులు కడుక్కోని, గీ నీళ్ళ బుడ్డి మెడ ఇరుగగొట్టాలె. నీళ్ళను సిరంజిలకు గుంజి, పొడి సీసల మెల్లగ, గోడకు జారిడిసినట్టు ఇడవాలె. నురుగు రాకూడదు. ఊపొద్దు, కుదపొద్దు. రెండు వేళ్ళ నడుమ పట్టుకోని తిప్పితే అదే కరుగుతది. తేటగ అయినంకనే గుంజుండ్రి. రెండో సీసకు కొత్త నీళ్ళు వద్దు, గదే నీళ్ళు దాంట్లకు పొయ్యాలె."

"చక్కెరపాకం లెక్క," అంది రాధ.

"పాకం కాదమ్మా, కలియబెట్టద్దు. తర్వాత సన్న సూది మార్చి, గాలి బుడగ కొట్టేసి, చర్మాన్ని మడత పట్టుకోని పొడవాలె. పొడిచినంక రుద్దొద్దు. బొడ్డు సుట్టు రెండేళ్ళ జాగ ఇడిసి, ఇయ్యాల కుడి దిక్కు, రేపు ఎడమ దిక్కు. పొడిసిన కాడ్నే పొడవద్దు."

ఇంటికి రాగానే రాధ మందు పెట్టెను ఫ్రిజ్ తలుపులో పాల ప్యాకెట్ల పక్కన పెట్టి, నేర్చుకున్నదంతా మొగుడికి వల్లించింది. ఆయన శ్రద్ధగా విని, కండ్లు మూసుకొని, ఎవరూ అడగని తీర్పు చెప్పాడు.

"ఎడమ దిక్కు వద్దు."

"ఎందుకు?"

"పుంసవనంల రసం ఏ ముక్కుల పోస్తరు? కుడి ముక్కుల. కుడిదిక్కు పురుషస్థానం. మగపిల్లగాడు కావాల్నా వద్దా?"

పుంసవనమనేది గర్భం నిలిచిన తరువాత చేసే సంస్కారమనీ, అది ముక్కుకు సంబంధించినదే గాని పొట్టకు కాదనీ ఆయనకు తెలియనిది కాదు. కాని శాస్త్రవాక్యాన్ని అవసరమైన అవయవానికి అన్వయించుకోవడమే పాండిత్యమని నమ్మినవారిలో ఆయన ఒంటరి కాడు. సుస్మిత మాత్రం, "మామా, ఆడో మగో డాక్టరమ్మనే చెప్పకూడదట, నేరమట. మరి సూదికెట్ల తెలుస్తది?" అంది.

"సూదికి తెల్వదు బిడ్డా. శాస్త్రానికి తెలుస్తది."

అలా నాలుగు సాయంత్రాలు శాస్త్రం ప్రకారం గడిచాయి. ఏడు కొట్టే వేళకు రాధ బుడ్డి మెడ విరిచేది, సీసాను తిప్పేది, వెలుతురుకు ఎత్తి తేటదనం చూసేది. సుస్మిత మంచం మీద వెల్లకిలా పడుకొని పైకప్పును చూసేది. లక్ష్మీరాజం గడప అవతల నుంచే, ముఖం అటు తిప్పుకొని, "కుడి దిక్కేనా?" అని అడిగేవాడు. "కుడిదిక్కే," అని రాధ చెప్పేది. సుస్మిత కుడివైపు పొట్ట మీద అరచేయంత మేర కమిలి నల్లబారింది. నడిమధ్యన గోలీ వంటి గడ్డ ఒకటి లేచింది. చీర కుచ్చిళ్ళు తగిలినా ఆమె పెదవి కొరుక్కునేది.

అయిదవ రోజు స్కానింగుకు వెళ్ళినప్పుడు లీల చూసింది.

"ఏందమ్మా, ఒక్క కాడ్నే పొడుస్తుండ్రా? గట్టిపడ్డ జాగల ఏస్తె మందు సరిగ్గ ఎక్కదు. ఎడమ దిక్కు ఏమన్న అప్పు పడ్డదా?"

అత్తాకోడళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మా మామకు శాస్త్రమొచ్చు సిస్టర్," అంది సుస్మిత. లీల, "వస్తే మంచిదే. సూది కాడికి తేవద్దనుండ్రి," అంది.

ఆ సాయంత్రం ఏడింటికి గడప అవతల నుంచి యథావిధి ప్రశ్న వచ్చింది. రాధ సీసాను తిప్పుతూనే జవాబిచ్చింది.

"ఇయ్యాల ఎడమ దిక్కు."

"ఏందీ?"

"వినవడలేదా? ఎడమ దిక్కు. కాదంటవా, జెప్పు. రేపటి సంది నీ ఇన్సులిన్ గూడ కుడి దిక్కే పొడుస్త. పొద్దుగాల కుడి, మాపటికి కుడి. పురుషస్థానం గదా. నువ్వు పురుషునివే గదా."

లక్ష్మీరాజం ఒక్క క్షణం తన పొట్టను తడుముకున్నాడు. పదేళ్ళుగా అటొకసారి ఇటొకసారి, తొడ మీద ఒకసారి పొడిపించుకుంటూ, ఒక్క గడ్డ కూడా లేవని సుఖశరీరమది. ఆయన గొంతు సవరించుకొని, "ఆపద్ధర్మం అనేది ఒకటున్నది లే," అన్నాడు. శాస్త్రం ఎప్పుడూ ఇంత త్వరగా వంగినట్లు పురాణాలలో కనబడదు.

ఆ తర్వాత సూదులు అటూ ఇటూ తిరిగాయి. అండాలు తొందరపడి ముందే విడుదల కాకుండా మరొక సూది కూడా చేరింది. దానిని మొదటి సూదికి దూరంగా మరో చోట వేశారు. కుడివైపు గడ్డ కరిగింది. గురువారం పొద్దున స్కానింగులో అండాలు పెరిగే బుడగలు తొమ్మిది తగినంత ఎదిగినట్లు తేలింది. డాక్టరమ్మ సుస్మితతో స్పష్టంగా చెప్పింది.

"ఇక చివరి సూది ఒకటుంటది. అది వేసిన ముప్పై ఆరు గంటలకు అండాలు తీస్తం. ముందు తీస్తే పండి ఉండవు, చేతికి రావు. ఆలస్యమైతే విడుదలైపోతయి. రక్త పరీక్ష చూసి, సూది ఎన్ని గంటలకో మధ్యాహ్నం మెసేజ్ పెడ్తం. నిమిషం తప్పొద్దు."

సుస్మిత ఆ మాటను బస్సులో కోరుట్ల దాకా గర్భంలో వలె మోసుకొచ్చింది. తొమ్మిది. పోయిన సారి మూడే వచ్చాయి, మూడూ నిలవలేదు.

మెసేజ్ వెళ్ళింది కాగితం మీదున్న నంబరుకు, అంటే మస్కట్‌కు. ప్రభాకర్ అప్పుడు భోజన విరామంలో ఉన్నాడు. మళ్ళీ సైటు లోపలికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఫోన్లు అప్పగించాలి. ఆ కాస్త వ్యవధిలో భార్యకు ఆ మెసేజ్‌ను అలాగే పంపవచ్చు. కాని ఇంటి పెద్దకు చెప్పడమే మర్యాద అని తోచిన సుపుత్రుడు కనుక తండ్రికి ఫోను చేశాడు.

"బాపూ, సూది రాత్రి ఎనిమిదింటికట. ఎనిమిదింటికే. నిమిషం అటిటు కావద్దట. నేను డ్యూటీ దిగినంక జేస్త."

లక్ష్మీరాజం ఫోను పెట్టేసి పంచాంగం తెరిచాడు. గురువారం రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా వర్జ్యం. ఎనిమిది గంటలు నట్టనడుమ పడుతున్నది. ఆయన ఆ పంక్తిని రెండుసార్లు చదివాడు. అంతలోనే, పద్దెనిమిదేళ్ళ అనుభవం చేయి పట్టి లేవనెత్తింది. చెప్పినవాడు ప్రభాకర్. ప్రభాకర్ ఎనిమిది అంటే మనకు తొమ్మిదిన్నర. తొమ్మిదిన్నర అంటే వర్జ్యం దాటిన శుభవేళ. దైవము, గణితము, దవాఖాన ముగ్గురూ ఒక్క మాట మీదికి రావడం చూసి ఆయన కండ్లు చెమర్చాయి.

"తొమ్మిదిన్నరకు," అని ఇంట్లో ప్రకటించాడు.

సుస్మిత వంటింట్లోంచి బయటకు వచ్చింది. "తొమ్మిదిన్నరనా మామా? దవాఖానోళ్ళు గట్లనే చెప్పిండ్రా?"

"ఎనిమిదన్నడు నీ మొగుడు. ఆని ఎనిమిది మనకెంత?"

"దవాఖాన జగిత్యాలల ఉన్నది గద మామా. వాళ్ళు మన టైమే చెప్తరు గదా."

"చెప్పింది దవాఖాననా, నీ మొగుడా?"

"ఆయననే."

"ఆయన ఏడున్నడు?"

"మస్కట్ల."

"మరి? నువ్వు పుట్టకముందు సంది కూడుతున్న ఈ లెక్క."

సుస్మిత గదిలోకి వెళ్ళి భర్తకు ఫోను చేసింది; అది సైటు గేటులో నిద్రపోతున్నది. కేంద్రం నంబరుకు చేసింది. సాయంత్రం దాకా ఎన్నిసార్లు చేసినా అక్కడి రద్దీలో మోగి మోగి ఆగింది. ఫైలు మీద రాత్రివేళ పిలిచే నంబరు ఒకటి ఉన్నది. దాని మీద వేలు పెట్టింది కూడా. "శుభకార్యంల సందేహం పనికిరాదు బిడ్డా," అని వసారాలోంచి మాట వినవచ్చింది. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఆ కూడికను సరిచూడలేదు. ఆమె వేలు తీసేసింది.

ఎనిమిది గంటలు కొట్టినప్పుడు సుస్మిత గడియారం వైపు చూసింది. రాధ కూడా చూసింది.

తొమ్మిదిన్నరకు రాధ చేతులు కడుక్కొని, పొడిని నీటిలో కరిగించి, తేటబడ్డాక సిరంజిలోకి తీసి, సూది మార్చి, బొడ్డుకు ఎడమగా మడత పట్టి మందు ఎక్కించింది. పది లెక్కబెట్టి సూది తీసింది. గడప అవతల లక్ష్మీరాజం గజేంద్రుని మొర పద్యాన్ని రాగం తీసి చదువుతున్నాడు. మొసలి ఎవరో ఆయనకు ఇంకా తెలియదు.

ఆయన నాలుగవ పాదంలో ఉండగా ప్రభాకర్ వీడియో కాల్ వచ్చింది.

"అయిందా అవ్వా? ఎనిమిదింటికి ఏసిండ్రా?"

"ఇప్పుడే ఏసినం బిడ్డా. సూది ఇంక చేతులనే ఉన్నది."

ఫోనులోని ముఖం కదలకపోవడంతో నెట్టు ఆగిందేమోనని అనుకున్నారు. ఆగింది నెట్టు కాదు.

"ఇప్పుడా? అక్కడ తొమ్మిదిన్నర దాటింది గదనే. ఎనిమిదని చెప్పిన గద బాపుకు."

"నీ ఎనిమిది మాకు తొమ్మిదిన్నర గదరా," అన్నాడు లక్ష్మీరాజం, పద్యం వదిలి గడప దగ్గరికి వచ్చి.

"నాది గాదు బాపూ. దవాఖానోళ్ళది. వాళ్ళు రాసింది రాసినట్టు సదివిన."

సుస్మిత లేచి కూర్చుంది. ఆమె ముఖంలో కోపం లేదు. అందుకే లక్ష్మీరాజం అటు చూడలేకపోయాడు. తొమ్మిది బుడగలు. శనివారం పొద్దున ఎనిమిదింటికి తీస్తారు. అప్పటికి ముప్పై ఆరు గంటలు నిండవు.

"ఫైలు ఇయ్యండత్తా," అంది. "రాత్రి నంబరుకు జేస్త."

"ఆగు బిడ్డా," అన్నాడు లక్ష్మీరాజం. ఆయన వేలు అప్పటికే పంచాంగంలో శనివారం మీద ఉన్నది. "జెప్తె ఏమైతది? ఆళ్ళు గూడ గంటన్నర జరుపుతరు. ఎనిమిది పోయి తొమ్మిదిన్నర అయితది. శనివారం తొమ్మిది సంది పదిన్నర దాక రాహుకాలం. నడిమధ్యల వడ్తది. జెప్పకుంటె ఎనిమిదింటికే అయిపోతది, రాహువు రాకముందే. కల్పాలు, యుగాలు ఉన్న కాలంల గంటన్నర ఏ మూలకు బిడ్డా?"

ఇంతకాలమూ ఇన్ని వర్జ్యాలను నిమిషాలతో సహా ఏరి పారేసిన మనిషికి గంటన్నర అల్పమని తోచిన పుణ్యఘడియ అది.

రాధ వాడిన సూదిని మూత ఉన్న డబ్బాలో వేసి, మొగుని వైపు తిరిగింది. "నీకు ఇన్సులిన్ పొడిసినంక గంటన్నర బువ్వ పెట్టకుంటె ఏమైతదో యాది ఉన్నదా? గప్పుడు యుగాలు యాదికి రావు. చెమటలు వస్తయి."

సుస్మిత నంబరు కలిపింది. రెండవ మోతకే లీల ఎత్తింది. జరిగినదంతా విని, లీల సూటిగా అడిగింది: "ఖచ్చితంగ ఎన్నింటికి ఏసిండ్రు? సుమారు చెప్తె కుదరదు. దాని మీదనే డాక్టర్ అన్ని మార్చాలె. ముందు ఏసినమని చెప్పి తర్వాత ఏస్తె మీకే నష్టం."

సుస్మిత ఫోను చెవి నుంచి తీసి మామ ముందుకు చాచింది. "టైం పెట్టింది మీరు మామా. మీరే చెప్పుండ్రి."

అందులో నిష్ఠూరం లేదు. అడిగిన తీరు మర్యాదగానే ఉన్నది. అంతటి మర్యాదను తప్పించుకునే శ్లోకం ఆయనకు ఏదీ గుర్తుకు రాలేదు. పంచాంగాన్ని మూసి చంకలో పెట్టుకొని ఫోను అందుకున్నాడు. ఎనిమిదని చెప్పవచ్చు. ఎనిమిదంటే రాహువూ తప్పుతాడు, పరువూ దక్కుతుంది. ఆ ఒక్క మాటకు కోడలి అండాలు తప్ప మరేమీ పోదు. ఆయన కోడలి చేతి వైపు చూశాడు. అది ఎడమ పొట్ట మీద, సూది దిగిన చోట, రుద్దకుండా ఊరికే ఆని ఉన్నది.

"అమ్మా, తొమ్మిదిన్నరకు ఏసినం," అన్నాడు. "ఆలస్యం చేసింది పిల్ల గాదు. నేను. కూడరాని కాడ కూడిన."

లీల డాక్టరమ్మతో మాట్లాడి మళ్ళీ పిలిచింది. మంచి పని చేశారు, చెప్పడం వలన సరిదిద్దవచ్చు, శనివారం అండాలు తీయడం ఉదయం తొమ్మిదిన్నరకు మారింది, అర్ధరాత్రి తరువాత సుస్మిత ఏమీ తినరాదు, తాగరాదు. "తొమ్మిదిన్నర మన టైమే," అని చివర ఒక మాట చేర్చింది.

శనివారం పొద్దున జగిత్యాలలో, ఆపరేషను గది బయట కుర్చీల వరుసలో లక్ష్మీరాజం పంచాంగం ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. రాహుకాలం తొమ్మిదికి ప్రవేశించింది. తొమ్మిదిన్నరకు సుస్మితను లోపలికి తీసుకువెళ్ళారు. ఆమె తలుపు దాటే ముందు వెనక్కి తిరిగి, "మామా, మీరు తినుండ్రి. సూది పొడిపించుకోని వచ్చిండ్రు," అని చెప్పి వెళ్ళింది. రాధ డబ్బా విప్పి ఉప్మా ముందు పెట్టింది. ఆయన రెండు ముద్దలు తిని, ఏదో స్ఫురించినట్లు ఆగిపోయాడు.

"ఏమే, పుట్టబోయేది ఎవల బిడ్డ?"

"ఎవల బిడ్డ ఏంది? నీ కొడుకు బిడ్డ."

"నా కొడుకు ఏడున్నడు? మస్కట్ల. తండ్రి ఉన్న దేశకాలమే ప్రమాణం గదా. గక్కడ ఇప్పుడు ఎంతయితుంది? ఎనిమిది. రాహువు ఇంక గక్కడికి రాలె."

రాధ ఆయనను ఎగాదిగా చూసింది. "రెండు రోజుల కింద కూడి ముంచినవు. ఇయ్యాల తీసి ఒడ్డుకెక్కుతున్నవా?"

"తీసివేత గూడ గణితమే," అని ఆయన ఉప్మా పూర్తి చేశాడు. రాహువు కంటే ముందు పుట్టిన శాస్త్రమేదో తనకు సాక్షాత్కరించినంత తేజస్సు ఆ ముఖంలో వెలిగింది.

కొంతసేపటికి లీల బయటకు వచ్చింది. "ఎనిమిది అండాలు అచ్చినయి. మంచిగ పండినయని లాబ్ వాళ్ళు అంటుండ్రు. ముందట ఎట్లుంటదో రేపు చెప్తరు. ఆమె మంచిగనే ఉన్నది, కొద్దిసేపట్ల లేస్తది."

రాధ కండ్లు తుడుచుకొని, తుడుచుకుంటూనే అడిగింది. "ఏ దిక్కు ఎన్ని సిస్టర్?"

"ఎడమ దిక్కు అయిదు, కుడి దిక్కు మూడు. ఎందుకు?"

"ఉత్తగనే," అంది రాధ. లక్ష్మీరాజం గోడ మీది గాలి కిటికీని చాలా సేపు పరిశీలించాడు.

లీల చేతిలోని మందుల సంచిని ఆయనకు ఇచ్చింది. "ఇగో తాతా, ఇవి ఇయ్యాల్టి సంది రోజు వాడాలె. రాత్రి ఎనిమిదింటికి. టైం తప్పొద్దు."

ఆయన సంచి అందుకున్నాడు. నోరు అలవాటుగా తెరుచుకుంది, తొమ్మిదిన్నర అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. దానిని అక్కడే ఆపి, మింగి, పంచాంగాన్ని సంచిలో అడుగుకు తోసి, మందులను పైన పెట్టాడు. తలుపు తోసుకొని వెళ్ళిపోతున్న లీల వెంట నాలుగు అడుగులు వేసి, ఇంకెవరికీ వినబడనంత వినయంగా, తన జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్న అడిగాడు.

"మన టైమేనా అమ్మా?"